స్క్రీన్‌షాట్‌లోని పద్యాన్ని టైపు చేయాలంటే ఏ దారి మేలు: ఓసీఆరా, చేతి టైపింగా?

పాత శతకమో, సావనీరులో పడిన పద్యమో ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. దాన్ని అక్షరాల్లోకి మార్చి ఇవ్వమంటారు. బొమ్మలోని అక్షరాలను యంత్రం చేత చదివించే ఓసీఆర్ వాడొచ్చు, లేదా చూస్తూ చేత్తో టైపు చేయొచ్చు. వచనమైతే ఇందులో పెద్ద టెన్షన్ లేదు. వరుస ఎక్కడ తెగినా అర్థం మారదు, ఒక దీర్ఘం పోయినా చదివేవాడు సర్దుకుంటాడు. పద్యం అలా కాదు. వరుస తప్పు చోట తెగితే ప్రాస కనబడదు, సున్న ఒకటి ఎక్కువైతే గణం విరుగుతుంది. అందుకే ఏ పనిముట్టు వేగంగా పనిచేస్తుందని కాకుండా, ఏది ఎలాంటి తప్పు చేస్తుంది, ఆ తప్పును మనం ఎలా పట్టుకోగలం అని చూసి ఎంచుకోవాలి.

ఇంకొకరి పద్యం మీద కోత పెట్టడం ఎందుకని, మా అనంతపురం గోడునే ఒక కందంగా అల్లాను. ఈ వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది.

```
పెన్నకు నీళ్ళొచ్చిన సం
పన్నులమేగద! పొలమునఁ బంటలు బండున్
మిన్నున మబ్బులు లేకయె
యున్నను మాకిఁక మిగిలెడి దుపవాసమ్మే
```

కందంలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి గణాలు. ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. అంటే పొట్టి పాదానికి 12 మాత్రలు, పొడుగు పాదానికి 20. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం ఉన్న అక్షరం, పక్కన సున్న ఉన్న అక్షరం, పొల్లుతో ముగిసే అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులు. మన పనికి ఇంతవరకు తెలిస్తే సరిపోతుంది. కందానికి ఇంకా కొన్ని నియమాలున్నాయి కానీ టైపు చేసేవాడికి మొదట అక్కరకొచ్చేది ఈ 12, 20 లెక్కే.

పేజీలోని వరుస వేరు, పాదం వేరు

చిన్న సైజు పుస్తకంలో 20 మాత్రల పాదం ఒక వరుసలో పట్టదు. మిగిలిన ముక్కను కింది వరుసలో కాస్త జరిపి అచ్చు వేస్తారు. అప్పుడు స్క్రీన్‌షాట్‌లో మన కందం ఇలా ఉంటుంది:

```
పెన్నకు నీళ్ళొచ్చిన సం
పన్నులమేగద! పొలమునఁ
        బంటలు బండున్
మిన్నున మబ్బులు లేకయె
యున్నను మాకిఁక మిగిలెడి
        దుపవాసమ్మే
```

నాలుగు పాదాల పద్యం ఆరు వరుసలైంది. టైపు చేసేటప్పుడు ఎంటర్ ఎక్కడ నొక్కాలి? మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది, పేజీలో ఉన్నది ఉన్నట్టు ఆరు వరుసలూ దించడం. పాత ప్రతిని పరిశోధన కోసం నకలు తీసేవాళ్ళకు తప్ప ఇది ఎవరికీ పనికిరాదు. ఆ తెంపు కవి పెట్టింది కాదు, కాగితం వెడల్పు పెట్టింది.

రెండోది, అర్థాన్ని బట్టి విరవడం. ‘పెన్నకు నీళ్ళొచ్చిన సంపన్నులమేగద!’ అని మొదటి వరుస రాసి, ‘పొలమునఁ బంటలు బండున్’ అని రెండో వరుస రాయడమన్నమాట. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన తెలుగు మాస్టారొకాయన దీన్నే సమర్థిస్తారు. ‘‘సం అని వదిలేస్తే చదివే పిల్లోడు అక్కడే ఆగిపోతాడు కదప్పా’’ అంటారు. తరగతిలో బోర్డు మీద రాయడానికి ఆయన మాట నిజమే. కానీ అలా రాసిన పద్యంలో ప్రాస కంటికి కనబడకుండా పోతుంది. పెన్న, పన్ను, మిన్ను, యున్న అని నాలుగు పాదాల్లో రెండో అక్షరంగా నిలిచిన ‘న్న’ వరుస మధ్యలో మునిగిపోతుంది. ఆ తర్వాత దాన్ని కాపీ చేసుకున్నవాళ్ళకు అది కందమని కూడా తెలియదు.

మూడోది, పాదానికి ఒక వరుస. మాట మధ్యలో తెగినా సరే. నేను దీనికే ఓటేస్తాను. ‘సం’ పక్కన హైఫన్ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. పుస్తకంలో ఉంటే ఉంచండి, లేకపోతే పెట్టకండి. పద్యం చదివే అలవాటున్నవాళ్ళు పాదం చివర ఊపిరి ఆపకుండా తర్వాతి పాదంలోకి వెళ్ళిపోతారు. అలవాటు లేనివాళ్ళకు హైఫన్ ఒక్కటే సాయం చేయలేదు. కింద తాత్పర్యంలో ‘సంపన్నులమే’ అని పూర్తి మాట రాస్తే సరిపోతుంది. సెర్చ్ చేసినా ఆ మాట అక్కడ దొరుకుతుంది.

మిగులు ముక్కను గుర్తుపట్టడం తేలికే. ‘బంటలు బండున్’లో రెండో అక్షరం ట, ‘దుపవాసమ్మే’లో ప. ప్రాసాక్షరం ‘న్న’ కాదు కాబట్టి అవి పాదాల మొదళ్ళు కావు. అనుమానముంటే మాత్రలు లెక్కపెట్టండి. ‘పన్నులమేగద! పొలమునఁ’ వరకు 12, ‘బంటలు బండున్’ 8, కలిపితే 20. లెక్క కుదిరింది.

సీసంతో మాత్రం జాగ్రత్త. సీసపాదం పొడుగు, ఎనిమిది గణాలు. పేజీ ఎంత వెడల్పున్నా దాన్ని రెండు వరుసలుగా, నాలుగేసి గణాలుగా అచ్చు వేయడం ఆనవాయితీ. యతి అంటే పాదం మొదటి అక్షరానికి పొసగే అక్షరం మధ్యలో ఒక నిర్ణీత చోట రావడం. సీసంలో ఒక్కో సగానికి దాని యతి దానికుంటుంది. కాబట్టి సీసంలో రెండో వరుస మిగులు ముక్క కాదు, దాన్ని అలాగే ఉంచాలి. నాలుగు పాదాలు ఎనిమిది వరుసలవుతాయి, కింద ఎత్తుగీతిగా తేటగీతో ఆటవెలదో నాలుగు వరుసలు వస్తాయి. పైగా సీసానికి ప్రాస నియమం లేదు గనక ఇందాకటి ప్రాస చిట్కా ఇక్కడ పనిచేయదు.

వచన కవితకు ఈ లెక్కలేవీ లేవు. కవి విరిచిన చోటే విరవాలి. పేజీ వెడల్పు వల్ల విరిగిందో కవే విరిచాడో తేలకపోతే, అదే కవిత పడిన ఇంకో ముద్రణ వెతకడం తప్ప దారి లేదు.

ఇక పనిముట్లు

నోటితో చెప్పి టైపు చేయించే వాయిస్ టైపింగ్‌ను పద్యానికి వాడొద్దు. అది వాడుక మాటలకు అలవాటు పడినది. ‘నీళ్ళొచ్చిన’ అంటే ‘నీళ్లు వచ్చిన’ అని సంధి విప్పి రాసే ప్రమాదం ఉంది. ‘ళ్ళొచ్చి’లో మూడు మాత్రలుంటే ‘ళ్లు వచ్చి’లో నాలుగు. అరసున్న దానికి వినబడనే వినబడదు.

గూగుల్ డ్రైవ్‌లోకి బొమ్మను ఎక్కించి, దాని మీద రైట్ క్లిక్ చేసి, Open with నుంచి Google Docs ఎంచుకుంటే బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. వరుసలు చాలామటుకు నిలుస్తాయి. పేజీలో రెండు నిలువు వరుసలుంటే మాత్రం ఎడమ పద్యమూ కుడి పద్యమూ కలగాపులగం కావచ్చు. అందుకని ముందే క్రాప్ చేసి ఒక్కో పద్యాన్ని విడి బొమ్మగా ఎక్కించండి. ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో ఇంకా త్వరగా అవుతుంది కానీ కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు వరుసలు కలిసిపోయాయేమో ప్రతిసారీ చూసుకోవాలి.

కంప్యూటర్ ఉండి, ఒకటీ అరా కాక శతకం మొత్తం చేయాలనుకుంటే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ మంచిది. ఉచితం, నెట్ అక్కర్లేదు. తెలుగు డేటా వేసుకున్నాక ఆదేశం ఇంతే:

```
tesseract padyam.png padyam -l tel --psm 6
```

`--psm 6` అంటే బొమ్మ అంతా ఒకే ముద్దగా ఉన్న పాఠం అని దానికి చెప్పడం. క్రాప్ చేసిన పద్యానికి ఇది సరిగ్గా నప్పుతుంది. బొమ్మలోని వరుసకు ఒక వరుస చొప్పున `padyam.txt`లోకి వస్తుంది. జరిపి అచ్చేసిన మిగులు ముక్క ముందున్న ఖాళీ మాత్రం పోతుంది, కాబట్టి ఏది ముక్కో ఏది పాదమో బొమ్మ చూసే తేల్చాలి.

ఏ ఓసీఆర్ అయినా బొమ్మ బాగుంటేనే బాగా చదువుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది, ఒత్తులూ అరసున్నలూ చుక్కలైపోతాయి. పంపేవాళ్ళను డాక్యుమెంట్‌గా పంపమనండి. పీడీఎఫ్ ఉంటే, పద్యం తెర నిండేదాకా పెద్దది చేసి అప్పుడు స్క్రీన్‌షాట్ తీయమనండి.

చేతి టైపింగ్‌కు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసే లేఖిని కానీ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కానీ, ఫోన్ కీబోర్డు కానీ ఏది అలవాటైతే అది. ఫోన్‌లో మాటలు అందించే సదుపాయాన్ని ఆపేయండి. లేకపోతే పాత రూపం కొట్టగానే దాని పక్కింటి వాడుక మాటను తెచ్చి పెడుతుంది. అరసున్న దొరక్క చాలామంది వదిలేస్తారు. లేఖినిలో `@M` కొడితే ఁ వస్తుంది. మన రెండో పాదంలో ఆ భాగం `polamuna@M baMTalu baMDun` అవుతుంది. వర్డ్‌లో అయితే `0C01` అని కొట్టి Alt+X నొక్కండి.

రెండు రకాల తప్పులు

ఓసీఆర్ నుంచి మన కందం ఇలా వచ్చిందనుకోండి. ఇందులోని తప్పులన్నీ ఓసీఆర్ మామూలుగా చేసే జాతివే.

```
పెన్నకు నీళ్ళొచ్చిన సం
పన్నులమేగద! పొలమునం
బంటలు బండున్
విన్నున మబ్బులు లేకయె
యున్నను మాకింక మిగిలెడి
దుపవాసమ్మే
```

ముందు ముక్కలను పాదాలకు అతికించి నాలుగు వరుసలు చేయండి. ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టండి. మొదటి పాదం 12, బాగుంది. రెండో పాదం 21. ఎక్కడ పెరిగింది? నాలుగేసి మాత్రలుగా కోసుకుంటూ పోతే పన్నుల, మేగద వరకు సరిగ్గా తెగుతుంది. ఆ తర్వాత ‘పొలమునం’ అయిదు మాత్రలైంది. ఓసీఆర్ అరసున్నను నిండు సున్నగా చదివింది. అరసున్న అక్షరాన్ని గురువు చేయదు, నిండు సున్న చేస్తుంది. ‘పొలమునఁ’ అని దిద్దితే 20 అవుతుంది.

నాలుగో పాదంలోనూ 21 వస్తుంది. ఇక్కడ తప్పు ఇంకా గడుసుది. ‘మాకింక’ అన్నది తప్పు మాట కాదు. ఇంక, ఇఁక రెండూ ఉన్నాయి, అర్థమూ ఒకటే. కంటితో చదివితే ఎవరికీ అనుమానం రాదు. కానీ ‘మాకింక’ అయిదు మాత్రలు, ‘మాకిఁక’ నాలుగు. గణం లెక్క లేకుండా దీన్ని పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు మూడో పాదం చూడండి. 12 మాత్రలు, ప్రాస ‘న్న’ ఉంది, కందంలో మూడో పాదానికి యతి అక్కర్లేదు. ఛందస్సు పరంగా దోషమే లేదు. కానీ కవి రాసింది ‘మిన్నున’, మనకొచ్చింది ‘విన్నున’. మ, వ ఆకారాలు దగ్గరవి కాబట్టి గుడి పెట్టినప్పుడు మసక బొమ్మలో ఒకటి ఇంకొకటిగా కనబడుతుంది. విన్ను అన్నా ఆకాశమే. అంటే గణం సరిపోయింది, అర్థం సరిపోయింది, మాట మాత్రం కవిది కాదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తప్పనదు, ఎంత పండితుడైనా బొమ్మ చూడకుండా అనలేడు.

దీన్ని బట్టి ఒక సంగతి తేలుతుంది. ఛందస్సు పట్టేది అక్షరం బరువులో వచ్చిన తప్పును: హ్రస్వం దీర్ఘమవడం, సున్న చేరడం, ఒత్తు పోవడం. అక్షరమే మారి బరువు మారకపోతే అది పట్టలేదు. ప, వ, ష ఒకదానికొకటి మారినా, మ య అయినా అంతే. యతి స్థానంలోనో ప్రాస స్థానంలోనో పడితే తప్ప బయటపడవు. కాబట్టి లెక్క కుదిరిందని సంతోషించి బొమ్మను మూసేయకండి. మాత్రలు చూసిన తర్వాత, బొమ్మనూ టైపు చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి, వెనకనుంచి ముందుకు మాట మాట పోల్చండి. వెనకనుంచి ఎందుకంటే, ముందునుంచి చదివితే పద్యం నోటికి వచ్చేసి కన్ను పని మానేస్తుంది.

కడపలో ఉన్నప్పుడు సి.పి. బ్రౌన్ పండితుల చేత తాళపత్రాలను పోల్పించి నకళ్ళు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. వేమనకు పాఠాంతరాలు అన్ని పుట్టడానికి ఇలాంటి మార్పులూ ఒక కారణమే. రాసేవాడి కన్నో చెవో ఒక సరైన మాట స్థానంలో ఇంకో సరైన మాటను పెడుతుంది, ఆటవెలదికి ఏ భంగమూ రాదు, తర్వాతి నకలు దాన్నే మోసుకుపోతుంది. ఆ పని ఇప్పుడు ఓసీఆర్ ఇంకా వేగంగా చేసిపెడుతోంది.

లెక్క చూడ్డానికి నెట్‌లో ‘ఛందం’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పద్యం పేస్ట్ చేస్తే గురులఘువులు గుర్తించి గణాలు, యతి, ప్రాస చూపిస్తుంది. పాదాలు ఎక్కడ ముగుస్తాయో వరుసలతో మనం చూపాలి కాబట్టి ముక్కలు అతికించాకే దానికి ఇవ్వండి. ఏ యంత్రమైనా యతి దగ్గర అభ్యంతరం చెబితే వెంటనే పద్యాన్ని దిద్దకండి. మన నాలుగో పాదంలో ‘యు’కూ ‘దు’కూ యతి. పైకి య, ద పొసగవు. సంధి విప్పితే ఉన్నను, ఉపవాసమ్మే. ఉకారానికి ఉకారం కుదిరింది. టైపు చేసేవాడు తన చేతి తప్పును దిద్దాలే గానీ కవిని దిద్దకూడదు. పుస్తకంలోనే అచ్చుతప్పు అనిపిస్తే ఉన్నది ఉన్నట్టు కొట్టి, కింద ఒక వరుసలో మీ అనుమానం రాయండి.

పాత అచ్చుకు ఒక మినహాయింపు

పాత పుస్తకాల్లో వలపలగిలక ఉంటుంది. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అన్నట్టు, రేఫను తర్వాతి అక్షరం పక్కన తొమ్మిది అంకెలాంటి గుర్తుతో వేసేవారు. ఓసీఆర్ దాన్ని నిజంగానే అంకెగానో, మరో చెత్త గుర్తుగానో చదువుతుంది, లేదా వదిలేస్తుంది. ‘ధర్మ’లో ధ గురువు, ‘ధమ’లో లఘువు, గణం వెంటనే కూలుతుంది. ఇలాంటి పేజీలో వరుసకు రెండు మూడు వలపలగిలకలు కనబడితే ఓసీఆర్ జోలికి పోవద్దు. దిద్దే శ్రమ టైపు చేసే శ్రమను మించుతుంది. ర్ తర్వాత మ కొట్టి ‘ర్మ’ అని మామూలుగా టైపు చేయండి. అది ఆకారం మార్పే గానీ అక్షరం మార్పు కాదు. ఱ, అరసున్నలు మాత్రం పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంచండి. నీళ్ళు అని ఉంటే నీళ్లు చేయకండి.

కొత్త అచ్చు, శుభ్రమైన స్క్రీన్‌షాట్, అయిదారు పద్యాలకు మించి పని ఉంటే ఓసీఆర్‌తో మొదలుపెట్టి దిద్దుకోవడం లాభం. ఒకటి రెండు పద్యాలే అయితే, ఛందస్సు కాస్త తెలిసినవాళ్ళకు చేతి టైపింగే త్వరగా తెములుతుంది. పాదం పాదం నోట్లో అనుకుంటూ కొడతాం కాబట్టి బరువు తప్పులు అక్కడికక్కడే తగులుతాయి. ఛందస్సు అసలు తెలియనివాళ్ళు మాత్రం ఓసీఆర్ ఒకసారి, చేతి టైపింగ్ ఒకసారి విడివిడిగా చేసి రెండూ పోల్చుకుంటే మంచిది. రెండూ ఒకేచోట తప్పడం అరుదు. తేడా వచ్చిన చోటల్లా బొమ్మ చూడాలి.

భద్రపరిచేటప్పుడు

వర్డ్‌లో పాదం చివర Shift+Enter, పద్యం చివర Enter నొక్కండి. అప్పుడు నాలుగు పాదాలూ ఒకే పేరా అవుతాయి. ఆ పేరాకు ‘Keep lines together’ పెడితే పద్యం రెండు పేజీల మధ్య చీలదు. అలైన్‌మెంట్ ఎడమకే ఉంచండి. రెండు వైపులా సమంగా సర్దే జస్టిఫై పెడితే ‘మిన్నున మబ్బులు లేకయె’ లాంటి పొట్టి పాదాన్ని పేజీ చివరిదాకా సాగదీస్తుంది.

వికీసోర్స్‌లో అయితే పద్యాన్ని `<poem>`, `</poem>` మధ్య పెడితే వరుసలు కొట్టినట్టే నిలుస్తాయి. వేరే వెబ్ పేజీలో ఒక్కో పాదం చివర `<br>` పెట్టాలి, లేకపోతే ఎంటర్లన్నీ మాయమై పద్యం వచనంలా పారుతుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఉత్పలమాల, మత్తేభం లాంటి పొడుగు పాదాలు ఫోన్ తెర మీద రెండు వరుసలవుతాయి. అది చూసి మధ్యలో మీరు ఎంటర్ కొట్టకండి. మీ తెర మీద బాగున్న తెంపు, చిన్న తెర ఉన్నవాళ్ళ దగ్గర ఇంకో చోట మడతపడి పాదం మూడు ముక్కలవుతుంది. పొడుగు పాదాల మధ్య ఒక్కో ఖాళీ వరుస వదిలితే చాలు, ఎక్కడ మడతపడినా పాదం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.